“ఎలా ఉన్నారు?” అన్నాను, “బాగున్నాను” అన్నాడు. ఇద్దరికీ తెలుసు అది నిజం కాదని

వేసవి_మల్లె (హైదరాబాద్) · సోమవారం, రాత్రి 9:12

మా టీమ్‌లో ఒకాయనకి వాళ్ల నాన్నగారు పోయారు. ఆఫీసు గ్రూపులో వార్త రాగానే మెసేజ్‌లు మొదలయ్యాయి. ఊరికే లెక్కపెట్టాను, అరవై మూడు. అందులో నలభై దాకా “ఆర్ఐపీ”, మిగతావి “ఓం శాంతి”, చేతులు జోడించిన బొమ్మలు. నేనూ “ఓం శాంతి” అని పెట్టి, మరుక్షణం స్విగ్గీ తెరిచి దోశ ఆర్డర్ చేసుకున్నాను. ఆ సంగతి నాకే చిరాగ్గా ఉంది.

పెద్దకర్మ అయ్యాక ఆయన ఆఫీసుకి వచ్చాడు, గుండు, మీద టోపీ. కాఫీ మిషన్ దగ్గర ఎదురయ్యాడు. నా నోట్లోంచి “హాయ్, ఎలా ఉన్నారు?” అని వచ్చేసింది. ఆయన కూడా అంతే వేగంగా “బాగున్నాను, మీరు?” అన్నాడు. “బాగున్నాను” అన్నాను. కప్పులు పట్టుకుని చెరో వైపు వెళ్లిపోయాం.

నా ప్రశ్న ఇది. అదే మాట ఒకరు అడిగితే మనసుకి తగులుతుంది, ఇంకొకరు అడిగితే లిఫ్ట్‌లో వినిపించే రికార్డింగ్‌లా ఉంటుంది. తేడా ఎక్కడుంది? వాడి వాడి ఈ మాటలు అరిగిపోయాయా, లేక నేనే అరిగిపోయానా?

---

గోదారి_గట్టు · సోమవారం, రాత్రి 9:40

జవాబు మీ పోస్టులోనే ఉందమ్మా. “హాయ్” అన్నారు. అక్కడే పోయింది. చక్కగా చేతులు జోడించి “నమస్కారమండీ” అంటే ఈ గొడవే ఉండదు. హలో, హాయ్ అనేవి మన మాటలు కావు కాబట్టి మనసులోంచి రావు. అసలు హలో అన్నది టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ ప్రియురాలి పేరు. మార్గరెట్ హలో. ఆయన మొదటి ఫోన్‌లో ఆవిడ పేరు పిలిచాడు, మనమంతా ఇప్పటికీ అదే పిలుస్తున్నాం.

---

మాటలమేస్త్రి (రిటైర్డ్ లెక్చరర్) · సోమవారం, రాత్రి 10:25

గోదారి గట్టు గారూ, ఆ మార్గరెట్ కథ నాకు ఏడాదికి నాలుగుసార్లు వాట్సాప్‌లో వస్తుంది. బెల్ పెళ్లి చేసుకున్నది మేబెల్ హబ్బర్డ్‌ని. పైగా ఫోన్ ఎత్తగానే “అహోయ్” అనాలని ఆయన పట్టుబట్టాడు. హలో అందామని 1877లో ఉత్తరం రాసినవాడు ఎడిసన్. ఆ మాట అంతకు ముందే ఇంగ్లిషులో ఉంది. దూరంగా ఉన్నవాణ్ని కేకేసి పిలవడానికి వాడేవారు, మనం “ఓయ్” అన్నట్టు. అంటే పుట్టుకతోనే దానికి పెద్ద అర్థమేమీ లేదు, అరవడమే దాని పని.

ఇక నమస్కారం మన మాటే, వంగడం అని అర్థం. కానీ రోజుకి ఎన్నిసార్లు అంటున్నాం, ఎన్నిసార్లు వంగుతున్నాం? “దండం” అన్నా అంతే. కర్రలా నేల మీద పడటం అందులో ఉంది. స్కూటర్ మీద పోతూ “దండాలండీ” అనేవాడు నిజంగా కర్రలా పడితే ఏమవుతుందో ఊహించుకోండి. భాష ఏదైనా పలకరింపు మాట అరుగుతుంది. ఎక్కువ వాడితే మెట్టు అరిగినట్టే. మెట్టు అరిగినంత మాత్రాన ఎక్కడం మానేస్తామా?

---

మానేరు_పిల్లగాడు · సోమవారం, రాత్రి 10:51

మా తాత ఎవలు కనవడ్డా “శనార్తి పటేలా” అనేటోడు. అది శరణార్థి అనే మాట అని నాకు డిగ్రీల తెలిసింది. శరణు కోరుతున్న అని అర్థమట. మా తాత ఎవ్వలనీ శరణు కోరే మనిషి కాదు, పొలం గట్టు కాడ జానెడు జాగ కోసం ఇరవై ఏండ్లు కోర్టు చుట్టూ తిరిగిండు. ఆ గట్టు అవతలోనికి గూడ పొద్దుగాల శనార్తి చెప్పుడు మాత్రం మానలే.

---

న్యూజెర్సీ_నాని · మంగళవారం, ఉదయం 6:05

ఇక్కడ ఇంకా ఘోరం. వచ్చిన కొత్తలో మా మేనేజర్ కారిడార్‌లో “హౌ ఆర్ యూ” అన్నాడు. నేను ఆగి, జెట్‌లాగ్, కడుపులో మంట, అద్దె ఇంట్లో హీటర్ పనిచేయకపోవడం వరసగా చెప్పడం మొదలుపెట్టాను. మూడో సంగతికి వచ్చి చూస్తే ఆయన పది అడుగుల దూరంలో ఉన్నాడు. వాళ్లకి అది ప్రశ్న కాదు. మన ఊళ్లో ఇలా కాదు, అడిగితే నిలబడి వింటారు.

---

మాటలమేస్త్రి · మంగళవారం, ఉదయం 7:30

నాని, మన ఊళ్లో ఎవరైనా “ఏం, బజారుకా?” అంటే నువ్వు ఏం కొనబోతున్నావో పట్టిక చదువుతావా? చేతిలో సంచి కనిపిస్తూనే ఉంది, బజారుకే అని వాళ్లకీ తెలుసు. బిందె పట్టుకుంటే “నీళ్లకా?” తువ్వాలు భుజాన ఉంటే “స్నానానికా?” మన పలకరింపుల్లో సగం ఇలాంటివే. కళ్లముందున్నదాన్నే ప్రశ్నగా మార్చి అడుగుతాం. జవాబు “ఆ” అంటే చాలు. బయల్దేరినవాణ్ని “ఎక్కడికి” అనకూడదు కాబట్టి “ఎందాకా?” అంటాం. దానికీ జవాబు “ఇలా” అనే.

న్యూగినీ దగ్గర ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి వచ్చిన మలినోవ్‌స్కీ అనే ఆయన 1923లో అచ్చయిన వ్యాసంలో ఈ సంగతే రాశాడు. ఇలాంటి మాటలు సమాచారం కోసం కాదు, ఎదురుపడ్డ ఇద్దరి మధ్య మౌనం భయపెట్టకుండా ఉండటానికి అని. “నేను నిన్ను చూశాను, మన మధ్య పేచీ లేదు” అన్నంత వరకే. మానేరు తాతగారి శనార్తి అదే పని చేసింది. అందుకే గట్టు అవతలివాడికి చెప్పడం మానలేదు. మానితే అది కోర్టు కేసు కన్నా పెద్ద గొడవ అయ్యేది.

కానీ మల్లె గారు అడిగింది ఇంకో చిక్కు. “బజారుకా?” అనేది ప్రశ్నలా కనిపిస్తుంది గానీ ఎవరినీ ఇరుకున పెట్టదు. “ఎలా ఉన్నారు?” అలా కాదు, దానికి నిజమైన జవాబు ఒకటి ఉంది. హార్వీ శాక్స్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త దీని మీద చక్కటి విషయం చెప్పాడు. “బాగోలేదు” అని ఎవరైనా అంటే అడిగినవాడు “ఏమైంది?” అనాలి, తర్వాత చెప్పినవాడు మొత్తం విప్పాలి. ఆ విప్పే చోటు, ఆ మనిషి, రెండూ సరిపోవాలి. సరిపోకపోతే “బాగున్నాను” అనేస్తాం. అది మోసం కాదు, ఎవరికి ఏది చెప్పాలో చూసుకోవడం. కాఫీ మిషన్ దగ్గర, వెనక క్యూలో ఇద్దరుండగా, ఆయన “మా నాన్న లేడని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు” అనలేడు కదా. మీ మాట అరిగిపోలేదమ్మా, మీరు దాన్ని పెట్టిన చోటు కుదరలేదు.

---

డెస్కుమీద_కునుకు (పత్రికలో సబ్ఎడిటర్) · మంగళవారం, మధ్యాహ్నం 2:10

మాస్టారు దయగా మాట్లాడుతున్నారు. నేను పదహారేళ్లుగా రాత్రి డెస్కు మీద ఉన్నాను, మాటలు చావడం రోజూ చూస్తాను. ఎవరైనా పేరున్నవాళ్లు పోతే పేరు మార్చుకోవడమే, మిగతాదంతా ముందే రాసి ఉన్నట్టు ఉంటుంది. “తీవ్ర దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు.” “తీరని లోటు.” “కుటుంబ సభ్యులకు ప్రగాఢ సానుభూతి.” దిగ్భ్రాంతి అంటే దిక్కు తోచకపోవడం. తొంభై ఆరేళ్ల పెద్దాయన, ఏడాదిగా మంచం మీద ఉన్నవాడు పోతే ఎవరికి దిక్కు తోచలేదండీ?

ఒకసారి అలాంటి వార్తలోనే ఆ మాట తీసేసి “విచారం వ్యక్తం చేశారు” అని పెట్టాను. మర్నాడు ఒక నాయకుడి మనిషి ఫోన్. “మిగతావాళ్లందరికీ దిగ్భ్రాంతి వేశారు, మా సార్‌కి విచారమే వేశారేం?” అని. దిగ్భ్రాంతి అనేది ఇప్పుడు ప్రొటోకాల్ అన్నమాట, ఒకప్పుడు కారుకి ఉండే బుగ్గ దీపం లాంటిది.

---

సిస్టరమ్మ (గుంటూరు) · మంగళవారం, సాయంత్రం 5:48

నేను నర్సుని. మా దగ్గర ఈ “ఎలా ఉన్నారు” ఎంత పనికిరాదో చెబుతాను. రౌండ్స్‌లో డాక్టరుగారు “ఎలా ఉందమ్మా?” అంటారు. పేషెంట్ “బాగుందయ్యా” అంటుంది. ఆయన పక్క మంచానికి వెళ్లగానే నా కొంగు పట్టుకుని “అమ్మాయ్, రాత్రంతా కాలు లాగేసింది” అంటుంది. ఇందాక చెప్పలేదేం అంటే, “పెద్దాయన అడిగాడు కదా, బాగోలేదంటే బాగుంటుందా?” అంటుంది. ఆవిడకి అది మర్యాద. మాకు అదే కేసు షీట్ మీద తప్పు రాత.

అందుకే నేను ఎలా ఉన్నారని అడగను. “రాత్రి ఎన్నిసార్లు లేచారు?” అంటాను. లేదా “ఇడ్లీ ఎన్ని తిన్నారు?” ఒకటిన్నర అంటే ఆ సగం ఎందుకు వదిలేశారో అడుగుతాను. అక్కడి నుంచి బయటికొస్తుంది వికారమో, నోటి పూతో, కొడుకు నిన్న రాలేదనో.

కానీ ఒకటి. ఈ చిట్కా కూడా అరిగింది. నెల రోజులున్న పేషెంట్ ఒకాయన, నేను వార్డులోకి అడుగు పెట్టగానే నేనడగకుండానే “రెండు సార్లు లేచాను, మూడు ఇడ్లీ” అనేవాడు. ఒకరోజు ప్లేటు చూస్తే మూడూ అలాగే ఉన్నాయి. ఆ రోజు నుంచి ఆయన్ని కిటికీలోంచి కనిపించే కొబ్బరి చెట్టు గురించి అడిగేదాన్ని.

ఇంకో మాట. మా రిసెప్షన్‌లో కొత్తమ్మాయి చేరింది, అంతకు ముందు బట్టల షోరూంలో చేసేది. డిశ్చార్జి అయి వెళ్తున్న ముసలాయనకి బిల్లు ఇచ్చి నవ్వుతూ “థాంక్యూ సార్, మళ్లీ రండి” అంది. ఆయన భార్య ముఖం చూడాలి!

---

మాటలమేస్త్రి · మంగళవారం, రాత్రి 8:15

సిస్టరమ్మ గారూ, మీ కొత్తమ్మాయి నా క్లాసు నాకంటే బాగా చెప్పింది.

షోరూంలో “మళ్లీ రండి” రోజుకి రెండొందలసార్లు అనేసి ఉంటుంది. అక్కడ ఎవరూ వినరు, అది చచ్చిన మాట అనుకుంటాం. అదే మాట ఆసుపత్రి గుమ్మం దగ్గర అనేసరికి లేచి కూర్చుంది. అంటే చావలేదు, నిద్రపోతోంది.

ఇంకా దగ్గరి ఉదాహరణ మన ఇళ్లలోనే ఉంది. ఎవరింటి నుంచి బయల్దేరినా “వెళ్తాను” అనం, “వెళ్లొస్తాను” అంటాం. మళ్లీ వస్తానని అందులో ఉంది గానీ అనేటప్పుడు ఎవరూ ఆలోచించరు. గ్యాస్ బండ తెచ్చినవాడు కూడా “వస్తానమ్మా” అనే వెళ్తాడు. సరే, ఇప్పుడు చావు జరిగిన ఇంటికి వెళ్లి లేవబోతున్నప్పుడు ఏం చేస్తాం? నోటి దాకా వచ్చిన ఆ మాటని మింగేస్తాం. చెప్పకుండా లేచి వచ్చేస్తాం. వెళ్లొస్తాను అంటే ఇలాంటి పనికే మళ్లీ వస్తానని అవుతుంది కాబట్టి. నలభై ఏళ్లు అలవాటుగా అన్న మాటలో “వస్తాను” అనే ముక్క ఇంకా బతికే ఉందని మనకి అప్పుడు తెలుస్తుంది.

అందుకే నేను చూసే పద్ధతి ఇది. మాట అరిగిందా లేదా అన్నది ఎన్నిసార్లు అంటున్నామన్న దాన్ని బట్టి కాదు. ఎక్కడ అనకూడదో ఆ చోటు ఇంకా మిగిలి ఉందా, అని. “వెళ్లొస్తాను”కి ఆ చోటు ఉంది. “ఆర్ఐపీ”కి ఉందేమో వెతకండి. నటుడు పోయినా ఆర్ఐపీ, పక్కింటి కుక్క పోయినా ఆర్ఐపీ, మన జట్టు మ్యాచ్ ఓడినా ఆర్ఐపీ. దానికి అడ్డు చెప్పే గుమ్మం ఏదీ లేదు.

---

డెస్కుమీద_కునుకు · మంగళవారం, రాత్రి 8:40

మరి నా దిగ్భ్రాంతి సంగతి? తొంభై ఆరేళ్లాయనకి అనకూడదు, అయినా అంటున్నారు, కాబట్టి మీ లెక్కలో అది చచ్చింది. కానీ తీసేస్తే ఫోన్లు వస్తున్నాయి. చచ్చిన మాట కోసం ఎవరు కొట్లాడతారు?

---

మాటలమేస్త్రి · మంగళవారం, రాత్రి 9:02

పెద్ద చిక్కే పెట్టారు. అర్థం చచ్చి హోదా బతికిందనుకోవాలి. పాత ఉత్తరాల్లో “మహారాజరాజశ్రీ” అని రాసేవారు, “మ.రా.రా.శ్రీ” అని పొట్టిగా. అందులో రాజూ లేడు, శ్రీ కూడా అంతంత మాత్రమే. అయినా అది లేకుండా కవరు మీద పేరు రాస్తే అలిగేవారు. ఇంతకంటే మంచి జవాబు ఈ పూటకి నా దగ్గర లేదు.

---

పొద్దుపొడుపు_1952 · బుధవారం, ఉదయం 5:46

నేను రోజూ ఉదయం అయిదూ నలభైకి ముప్పై ఒక్క మందికి గుడ్ మార్నింగ్ బొమ్మ పంపుతాను. ఇక్కడ అందరూ నాలాంటివాళ్లని తిట్టుకుంటున్నారని అర్థమైంది. మా కోడలు నన్ను మ్యూట్‌లో పెట్టింది, అదీ తెలుసు.

గులాబీ పువ్వు కోసం పంపడం లేదు నాయనా. మా బ్యాచ్‌లో నలభై మంది రిటైరయ్యాం, ఇప్పటికి నేను కాక ముప్పై ఒక్కమంది మిగిలారు. బొమ్మ పంపి కాఫీ తాగుతాను, ఏడింటికి చూస్తాను. నీలం టిక్కులు పడితే లేచినట్టు. పదింటికి కూడా ఒక్క టిక్కే ఉంటే ఫోన్ చేస్తాను. పోయిన శ్రావణంలో ఒకాయనది అలాగే ఒక్క టిక్కు ఉంది. ఫోన్ ఎత్తలేదు. పక్కింటివాళ్ల నంబరు నా దగ్గర ఉంది, తలుపు కొట్టించాను. షుగర్ పడిపోయి బాత్రూం ముందు కూర్చుండిపోయి ఉన్నాడట.

బొమ్మ మీద ఏం రాసి ఉందో నేనూ చదవను. ఒకసారి ఎవరో పంపిన శివరాత్రి బొమ్మ చూసుకోకుండా క్రిస్మస్ నాడు పంపాను. ముప్పై ఒక్కమందిలో ఇద్దరే గమనించారు.

---

న్యూజెర్సీ_నాని · బుధవారం, ఉదయం 6:30

బాబాయ్ గారూ, మా నాన్న కూడా పంపుతారు, నేను చూడకుండా డిలీట్ చేస్తుంటాను. తెరవకపోతే నీలం టిక్కు పడదా?

---

పొద్దుపొడుపు_1952 · బుధవారం, ఉదయం 6:33

పడదు. ఫోన్‌లో నెట్ ఉంటే రెండు బూడిద టిక్కులు పడతాయి. ఆయన దాన్ని చూసే సర్దుకుంటూ ఉంటాడు. ఒకసారి తెరువు బాబూ.

---

గోదారి_గట్టు · బుధవారం, ఉదయం 9:15

సరే, మార్గరెట్ విషయం ఒప్పుకుంటున్నా, గ్రూపులో పంపినవాణ్ని కూడా అడిగాను. కానీ నా మాటలో పాయింట్ ఉంది. ఫోన్‌లో టైప్ చేయడానికి ఖర్చు లేదు, అందుకే విలువ లేదు. పాత రోజుల్లో ఉత్తరమో టెలిగ్రామో పంపాలంటే డబ్బు పెట్టాలి, పోస్టాఫీసు దాకా వెళ్లాలి, సొంత మాటలు వెతుక్కోవాలి. అందుకే అప్పటి శుభాకాంక్షలు నిజమైనవి.

---

తంతితాత · బుధవారం, మధ్యాహ్నం 12:20

సొంత మాటలు అన్నారు చూడండి, అక్కడ నవ్వొచ్చింది. నేను టెలిగ్రాఫ్ ఆఫీసులో ముప్పై రెండేళ్లు చేశాను. పెళ్లికీ పండక్కీ పరీక్ష పాసైనందుకూ శుభాకాంక్షల వాక్యాలు శాఖవాళ్లే రాసి నంబర్లు వేసి ఉంచేవారు. కౌంటర్ దగ్గర ఆ పట్టిక ఉండేది. కట్టేవాడు పట్టిక చూసి నంబరు చెబితే, మేం ఆ నంబరే పంపేవాళ్లం. అవతలి ఆఫీసువాడు అదే నంబరు చూసి పూర్తి వాక్యాన్ని రంగుల కాగితం మీద దించి కవరులో పెట్టి ఇచ్చేవాడు. ముహూర్తాల రోజుల్లో ఒక్క పెళ్లివారింటికే అదే వాక్యం పాతిక వెళ్లేది. అంతకంటే యాంత్రికమైన శుభాకాంక్ష లోకంలో ఉందా?

అయినా వాటిని పెళ్లి ఆల్బంలో దాచుకున్న ఇళ్లు నాకు తెలుసు. గోదారి గట్టు గారు చెప్పిన ఖర్చు అందులో కొంత నిజమే. మామూలు ఇళ్లలో టెలిగ్రాం అంటే చావు కబురే అని గుండెలు బాదుకునే రోజుల్లో, మంచి కబురు మోసుకొచ్చే రంగు కవరు చూస్తేనే ప్రాణం లేచొచ్చేది.

ఒక సంగతి మాత్రం మర్చిపోలేను. కొత్తగూడెం దగ్గర పనిచేసేటప్పుడు, బొగ్గు గనిలో చేసే కుర్రాడు డ్యూటీ దిగి అలాగే మసి మొహంతో వచ్చాడు. చెల్లెలి పెళ్లి, సెలవు దొరకలేదు. ఏదైనా బాగా రాయాలని ఉంది, ఏం రాయాలో తెలియదు. ఫారం మీద రెండు వాక్యాలు రాశాడు, కొట్టేశాడు, ఇంకో ఫారం అడిగాడు. మాటకింత అని లెక్క కదా, చేతిలో చిల్లర ఎంచుకున్నాడు. చివరికి “ఆ పెళ్లి నంబరే కొట్టండి సార్” అన్నాడు. కింద పంపినవారి పేరు రాయమంటే తన పేరు రాసి, ఆగి, అది కొట్టేసి “బుడ్డోడు” అని రాశాడు. “ఇంట్లో అలాగే అంటారు సార్, దానికి నేను అన్ననైనా సరే.” ఇంగ్లిషు అక్షరాల్లో ఆ పేరు కొట్టడానికి నేనే రెండుసార్లు తడబడ్డాను. అవతలి ఆపరేటర్ పేరు మళ్లీ అడిగాడు, తప్పు పడిందేమో అని. తప్పు కాదు, అలాగే ఇవ్వు అన్నాను.

2013 జూలైలో ఆ సర్వీసే ఎత్తేశారు. చివరి రోజు జనం క్యూలు కట్టి తమకి తామే టెలిగ్రాములు పంపుకున్నారని విన్నాను.

---

సిస్టరమ్మ · బుధవారం, సాయంత్రం 6:02

తాతగారూ, డ్యూటీలో చదివి కళ్లద్దాలు తుడుచుకున్నాను. మల్లె గారూ, మీ సహోద్యోగితో మళ్లీ మాట్లాడారా? నా మాట విని ఇడ్లీ ఎన్ని తిన్నారని మాత్రం అడక్కండి.

---

వేసవి_మల్లె · గురువారం, రాత్రి 10:30

మాట్లాడాను. రెండు రోజులు ఇవన్నీ చదివి, ఆయన గురించి నాకు ఏం తెలుసా అని ఆలోచిస్తే పెద్దగా ఏమీ తెలియదు. వాళ్ల ఊరు చీరాల దగ్గర అని, నాన్నగారు పోయాక అమ్మగారు ఒక్కరే అయ్యారని మాత్రం తెలుసు. ఇవాళ లంచ్ అయ్యాక మెట్ల మీద ఒంటరిగా కనిపించాడు. “అమ్మగారు ఇప్పుడు ఎక్కడున్నారండీ, మీ దగ్గరా ఊళ్లోనా?” అన్నాను.

“ఊళ్లోనే. రానంటోంది” అన్నాడు. తర్వాత కాసేపు ఏమీ అనలేదు. నేనూ అనలేదు, అది కష్టంగానే ఉంది. అప్పుడు చెప్పాడు, వాళ్ల నాన్నగారి గేదె ఒకటి ఉందట, అమ్మగారు దాన్ని అమ్మనివ్వడం లేదట. పాలు పిండటం ఆవిడకి రాదు. రోజూ పొద్దున్నే ఎవరినో బతిమాలుకుంటోందట. పావుగంట గేదె గురించే మాట్లాడుకున్నాం.

అయితే చూడండి, సాయంత్రం టీ దగ్గర ఈ సంగతి మా టీమ్‌లో ఇద్దరితో చెప్పాను. వెళ్లేటప్పుడు లిఫ్ట్ దగ్గర వాళ్లలో ఒకడు ఆయన భుజం తట్టి “అమ్మగారు ఎక్కడున్నారు బ్రో?” అనడం విన్నాను. లిఫ్ట్ వచ్చేసింది. ఆయన “బాగున్నారు” అన్నాడు.

---

మానేరు_పిల్లగాడు · గురువారం, రాత్రి 10:44

గేదె ఎన్ని లీటర్లు ఇస్తదో అడిగినవా అక్కా?

---

వేసవి_మల్లె · గురువారం, రాత్రి 10:47

అడగలేదు. రేపు అడుగుతాను.